ముక్కు పక్కన తెల్లమచ్చలు, తలలో చుండ్రు: రెండూ ఒకటేనా?

అశోక్‌నగర్_రూమ్4 · జనవరి 20

అందరికీ నమస్తే. వయసు 26. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాను. మూడేళ్లుగా తలలో చుండ్రు ఉంది. కిరాణా కొట్లో దొరికే యాంటీ డాండ్రఫ్ సాషేలు వాడితే రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజుకి మళ్లీ మామూలే. దాన్ని పట్టించుకోవడం మానేశాను.

కొత్త గొడవ ఏంటంటే, ఈ రెండు నెలల్లో ముక్కుకి రెండు పక్కలా, కనుబొమల మధ్యలో చర్మం తెల్లగా పాలిపోయింది. మొన్న సంక్రాంతికి ఊరెళ్తే అమ్మ దగ్గరికొచ్చి చూసి, "ఇది బొల్లి కాదు కదరా" అంది. అప్పట్నుంచి పుస్తకం తెరిస్తే అదే టెన్షన్. రూమ్‌లో నలుగురం ఒకే దువ్వెన వాడేవాళ్లం, ఇప్పుడు నా దువ్వెన వేరుగా పెట్టేశారు. తల దురదకీ ఈ మచ్చలకీ సంబంధం ఉంటుందా? ఏ షాంపూ కొనాలి?

బోరింగ్_బాధితుడు · జనవరి 20

బ్రో, హాస్టల్ అంటున్నావు కాబట్టి బోరు నీళ్లే అయ్యుంటాయి. నాకూ అంతే. ఊళ్లో మంచినీళ్లతో స్నానం చేస్తే చుండ్రు ఉండదు, సిటీకి రాగానే మొదలు. షవర్‌కి ఫిల్టర్ పెట్టించు, షాంపూలు మార్చి లాభం లేదు.

పెద్దాడ_తాతయ్య · జనవరి 20

బాబూ, తల ఎండిపోతే పొట్టు రాలుతుంది. నేలకి నీళ్లెలాగో తలకి నూనె అలాగ. మా రోజుల్లో రాత్రి కొబ్బరినూనె మాడుకి పట్టించి పడుకునేవాళ్లం, ఆదివారం కుంకుడుకాయలతో తలంటు. మాకెవరికీ ఈ షాంపూల అవసరం రాలేదు. రోజూ నూనె రాయి, నెలలో తగ్గకపోతే నన్నడుగు.

అశోక్‌నగర్_రూమ్4 · జనవరి 20

తాతయ్యా, నూనె రోజూ రాస్తూనే ఉన్నానండి. అమ్మ గానుగ నూనె సీసా పంపిస్తుంది.

స్కిన్_ఓపీ_సంధ్య · జనవరి 20

నేను చర్మం డాక్టర్‌ని. మనిషిని చూడకుండా జబ్బు పేరు తేల్చి చెప్పలేను. కానీ కొన్ని ప్రశ్నలకి జవాబు చెప్తే దారి తెలుస్తుంది. తలస్నానం వారానికి ఎన్నిసార్లు? చెవుల వెనక మడతలో, చెవి రంధ్రం దగ్గర పొట్టు ఉందా? మీసం కింద, గడ్డంలో, ఛాతీ మధ్యలో ఏమైనా ఉందా? మోచేతులు, మోకాళ్ల మీద దళసరి పొలుసులుగానీ, గోళ్ల మీద సూదితో పొడిచినట్టు చిన్న గుంటలుగానీ ఉన్నాయా?

ఇంకో పని. రేపు తలస్నానం చేసి, నూనె రాయకుండా వదిలేయండి. ఎల్లుండి పగటి వెలుతురులో మాడు మీద గోరుతో మెల్లిగా గీరి, వచ్చిన పొట్టు ఎలా ఉందో చూసి చెప్పండి. నూనె తలలో చూస్తే ఏ పొట్టైనా జిడ్డుగానే కనిపిస్తుంది. ఆసుపత్రికి వచ్చేవాళ్లలో సగంమంది తలకి బాగా నూనె పెట్టుకుని, నున్నగా దువ్వుకుని వస్తారు. పాపం నాకోసమే ముస్తాబవుతారు, నాకు మాత్రం ఏమీ కనపడదు.

అశోక్‌నగర్_రూమ్4 · జనవరి 22

మేడమ్, మీరు చెప్పినట్టే చేశాను. తలస్నానం ఆదివారం మాత్రమే. చెవి వెనక మడతలో కాస్త తడితడిగా, సన్నటి పగులు ఉంది. చెవిలో బడ్ పెడితే పసుపు పొట్టు వస్తుంది, ఇన్నాళ్లూ అది గులిమి అనుకున్నాను. మీసం ట్రిమ్ చేస్తే కింద పొట్టు కనిపిస్తోంది. మోచేతులు, మోకాళ్లు, గోళ్లు బాగానే ఉన్నాయి. గోరులోకి వచ్చిన పొట్టు పొడిలా రాలలేదు. లేత పసుపు రంగులో మైనంలా గోరుకి అంటుకుంది. రూమ్‌మేట్‌కీ చుండ్రే కదా అని వాడి తల కూడా గీరాను. వాడిది గోధుమపిండి దులిపినట్టు తెల్లగా రాలిపోయింది.

స్కిన్_ఓపీ_సంధ్య · జనవరి 22

రూమ్‌మేట్ తల గీరి మంచి పని చేశారు. మీ ఇద్దరి తలలే దీనికి పాఠం.

ఆయనది మామూలు చుండ్రు. తల దాటి బయటికి రాదు, చర్మం వాయదు, భుజం మీద తెల్లపొడి, కాస్త దురద, అంతే. మీరు చెప్పినదాన్నిబట్టి మీది సెబోరిక్ డెర్మటైటిస్‌లా ఉంది. రెండింటికీ మూలం ఒకటే. మలసీజియా అనే ఈస్ట్ అందరి తలమీదా ఉంటుంది. మన చర్మంలో ఊరే జిడ్డే దానికి తిండి. ఆ జిడ్డుని తిని అది వదిలే ఆమ్లాలు కొందరి చర్మానికి పడవు. కొద్దిగా పడకపోతే చుండ్రు. బాగా పడకపోతే వాపు, జిడ్డు పొలుసులు. అప్పుడది జిడ్డు ఎక్కువ ఊరే చోట్లన్నిటికీ పాకుతుంది: కనుబొమలు, ముక్కు పక్క మడతలు, చెవులు, మీసం, ఛాతీ. అందుకే నేను తలకంటే ముందు చెవి వెనక చూస్తాను.

పుస్తకాల్లో "ఎర్రగా ఉంటుంది" అని రాస్తారు. అది తెల్లతోలు మీద మాట. మన చామనఛాయ మీద ఆ ఎరుపు తేలదు, దాని బదులు చర్మం రంగు తగ్గి పాలిపోయినట్టు కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు బొల్లి అనుకుని హడలిపోవడం నేను వారానికి ఒకసారైనా చూస్తాను. బొల్లి మచ్చ సున్నం చుక్కలా తెల్లగా, అంచు గీసినట్టు ఉంటుంది. మీద పొట్టు ఉండదు, మచ్చలో వెంట్రుకలు కూడా తెల్లబడొచ్చు. మీ మచ్చ అంచు చర్మంలో కలిసిపోయినట్టుండి, వేలితో రుద్దితే సన్నటి పొట్టు లేస్తుంటే బొల్లి అవడం చాలా అరుదు. అయినా అమ్మగారి మనశ్శాంతి కోసం ఒకసారి దగ్గర్లో చర్మం డాక్టర్‌కి చూపించండి. చీకటి గదిలో ఉడ్స్ ల్యాంప్ అనే లైట్ వేసి ఒక్క నిమిషంలో చెప్పేస్తారు.

దువ్వెన గురించి: ఇది అంటుకునేది కాదు. మీ రూమ్‌మేట్ల తలల్లోనూ ఆ ఈస్ట్ ముందునుంచే ఉంది. దువ్వెన ఎవరిది వాళ్లకి ఉంటే మంచిదే, కానీ అది పేల భయానికి.

బోరింగ్_బాధితుడు · జనవరి 22

అయితే బోరు నీళ్లకి సంబంధమే లేదంటారా మేడమ్? నాకు ఊరెళ్తే తగ్గుతోంది కదా.

స్కిన్_ఓపీ_సంధ్య · జనవరి 22

కఠినజలంలో నురగ సరిగా రాదు, సబ్బు తెట్టు తలమీద ఉండిపోతుంది, తల గరుకుగా, దురదగా అనిపిస్తుంది. అంతవరకూ మీ మాట నిజమే. కానీ ఉప్పునీళ్లు చెవి వెనక జిడ్డు పొలుసుని పుట్టించవు. ఊరెళ్తే నీళ్లొక్కటే మారవు. నిద్ర, తిండి, తలంటు పోసేవాళ్లు అన్నీ మారతాయి. నిద్ర తక్కువైనా, ఒత్తిడి ఎక్కువైనా ఇది తిరగబెడుతుంది. మీ విషయంలో ఏది పనిచేసిందో నేను చెప్పలేను.

ఇక షాంపూ. సీసా ముందువైపు రాసిన పేరు, హీరోయిన్ జుట్టు వదిలేయండి. వెనక చిన్న అక్షరాల్లో మందు పేరు, ఎంత శాతమో చూడండి. రూమ్‌మేట్‌కి జింక్ పైరిథియోన్ 1 శాతం ఉన్న మామూలు షాంపూ చాలు. ఆదివారం ఒక్కరోజు కాకుండా వారానికి రెండు మూడుసార్లు వాడాలి. మీకు కీటోకోనజోల్ 2 శాతం. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు, అంటే 8 తలస్నానాలు. ఆ తర్వాత వారానికో, పది పదిహేను రోజులకో ఒకసారి. నురగని చెవి వెనక, మీసం మీద కూడా ఉంచండి, కళ్లలో పడనివ్వద్దు. ముఖం మచ్చలకి అదే మందు క్రీమ్ రూపంలో ఉంటుంది, డాక్టర్ చూసినప్పుడు రాయించుకోండి. కీటోకోనజోల్ మాత్రలు మాత్రం ఎవరిచ్చినా మింగకండి, లివర్‌కి ప్రమాదం.

రాత్రి నూనె ఆపేయండి. ఆ ఈస్ట్ తనకి కావాల్సిన కొవ్వుని తాను తయారుచేసుకోలేదు, బయటినుంచే రావాలి. మీరు దానికి రోజూ రాత్రి భోజనం పెడుతున్నారు.

పెద్దాడ_తాతయ్య · జనవరి 22

అమ్మా, చదువుకున్నదానివి, కాదనను. కానీ పసిపిల్లల మాడు మీద పెచ్చు కడితే నూనె రాసే కదా తీస్తాం? అప్పుడు పనికొచ్చిన నూనె ఇప్పుడెందుకు పనికిరాదు?

స్కిన్_ఓపీ_సంధ్య · జనవరి 23

మంచి ప్రశ్న తాతగారూ. నూనె పెచ్చుని మెత్తబరుస్తుంది, ఆ పని బాగా చేస్తుంది. ఈ అబ్బాయికైనా పెచ్చు దళసరిగా ఉంటే తలస్నానానికి గంట ముందు నూనె రాసి, మెత్తబడ్డాక కడిగేయమంటాను. లేదా సాలిసిలిక్ యాసిడ్ ఉన్న షాంపూతో ముందు ఆ పెచ్చు తీయాలి, లేకపోతే మందు కిందికి దిగదు. రాసి కడిగేయడం వేరు, రాసుకుని పడుకోవడం వేరు. మీ కుంకుడుకాయల విషయానికొస్తే జిడ్డు భేషుగ్గా వదులుతుంది. వారానికి ఒక్కరోజే అవడం ఒక్కటే లోటు.

మెకానిక్_అన్న · జనవరి 23

తమ్ముడూ, నా కథ వినిపిస్తా, నువ్వు ఆ తప్పు చెయ్యకు. నాకూ ముక్కు పక్కన ఇట్లనే పొట్టు లేచేది. వీధి చివర మందుల షాపులో అడిగితే ఒక ట్యూబ్ ఇచ్చిండు. మూడు రోజుల్ల ముఖం అద్దం లెక్క అయింది. ఆపితే మళ్లా వచ్చింది, మళ్లా రాసిన. రెండు నెలలు అట్లనే నడిచింది. ఆఖరికి ముఖమంతా మంట, మొటిమలు, ఎండల బండి తోలలేకపోయిన. డాక్టర్ ట్యూబ్ చూసి క్లోబెటసాల్ అన్నడు, గట్టి స్టిరాయిడ్ అంట. మామూలు కావడానికి ఏడాది పట్టింది.

స్కిన్_ఓపీ_సంధ్య · జనవరి 23

ఇది చెప్పినందుకు థాంక్స్ అన్నా. స్టిరాయిడ్ వాపుని తొందరగా దించుతుంది కాబట్టి మేమూ కొన్నిసార్లు తలకి లోషన్, ముఖానికి చాలా తక్కువ బలం ఉన్నది కొన్ని రోజులకి రాస్తాం. క్లోబెటసాల్ లాంటివి ముఖానికి కాదు.

చిట్టితల్లి_అమ్మ · జనవరి 24

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా పాపకి ఏడేళ్లు. తలలో వెనకవైపు రూపాయి బిళ్లంత చోట పొట్టు, అక్కడ జుట్టు పొట్టిపొట్టిగా విరిగిపోయి ఉంది. పక్కింటావిడ చుండ్రు షాంపూ ఇచ్చారు, మూడు వారాలైంది. కీటోకోనజోల్ పిల్లలకి వాడొచ్చా?

స్కిన్_ఓపీ_సంధ్య · జనవరి 24

అమ్మా, ఇది ఈ చర్చలోని జబ్బు కాదు. ఏడేళ్ల పిల్ల తలలో జిడ్డు ఊరడం తక్కువ, ఆ వయసులో చుండ్రు అరుదు. గుండ్రటి చోటులో పొట్టుతోపాటు జుట్టు విరుగుతోందంటే ముందుగా అనుమానించాల్సింది తామర. అది వెంట్రుక లోపలికి దిగి ఉంటుంది, పైన పోసే షాంపూకి లొంగదు. కొన్ని వారాలు నోటి మందు వాడాలి. ఇది పిల్లలకి ఒకరినుంచి ఒకరికి అంటుకుంటుంది కూడా. ఇంట్లో ఇంకో పిల్ల ఉంటే ఆ తల కూడా చూడండి. ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, పొట్టు కొంచెం గీరి పరీక్ష చేస్తారు.

ఫ్రాంక్‌ఫర్ట్_తెలుగోడు · జనవరి 25

నాది మామూలు చుండ్రే, పిండిలా రాలే రకం. ఇక్కడ జర్మనీలో జింక్ పైరిథియోన్ షాంపూ ఎక్కడా దొరకట్లేదు. నిషేధించారట కదా? ఇండియా నుంచి తెప్పించుకున్న సీసా ఉంది, వాడాలంటే ఇప్పుడు భయంగా ఉంది.

స్కిన్_ఓపీ_సంధ్య · జనవరి 25

2022 మార్చి నుంచి యూరోపియన్ యూనియన్‌లో సౌందర్య సాధనాల్లో అది కలపకూడదు. గర్భానికి హాని చేయగల పదార్థాల జాబితాలో దాన్ని చేర్చారు. అలాంటి జాబితాలోకి వెళ్తే, బదులు మందు లేదని చూపిస్తేనే అక్కడ మినహాయింపు. కడిగేసే షాంపూలో 1 శాతం వరకూ ఫర్వాలేదని వాళ్ల నిపుణుల కమిటీయే చెప్పింది, కానీ బదులు మందులు ఉండటంతో నిషేధం నిలిచింది. ఇండియాలోనూ అమెరికాలోనూ ఇప్పటికీ అమ్ముతున్నారు. మీకు ఆ గందరగోళం ఎందుకు, పైరాక్టోన్ ఓలమైన్ అని రాసి ఉన్నది కొనుక్కోండి. మామూలు చుండ్రుకి సరిపోతుంది.

అశోక్‌నగర్_రూమ్4 · ఫిబ్రవరి 6

మేడమ్, డాక్టర్‌కి చూపించుకున్నాను. లైట్ వేసి చూసి బొల్లి కాదన్నారు, మీరు చెప్పిన జబ్బే. ఆ మాట ఫోన్‌లో చెప్తే అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. క్రీమ్, షాంపూ రాశారు. కానీ రెండు వారాలైంది, నాలుగుసార్లు షాంపూ వాడాను, తలలో పెద్దగా తేడా లేదు. ఇంకా గట్టిది కావాలేమో?

స్కిన్_ఓపీ_సంధ్య · ఫిబ్రవరి 6

గట్టిదానికి ముందు, మీరు ఎలా వాడుతున్నారో ఒక్కసారి మొదట్నుంచి చెప్పండి.

అశోక్‌నగర్_రూమ్4 · ఫిబ్రవరి 6

తల తడిపి షాంపూ జుట్టుకి రాస్తాను, నురగ పెద్దగా రాదు. వెంటనే కడిగేస్తాను. బయట క్యూ ఉంటుంది మేడమ్, ఎనిమిది మందికి ఒకటే బాత్రూమ్. నూనె రాత్రి మానేశాను, పొద్దున కాలేజీకి వెళ్లేముందు, అదే లైబ్రరీకి, కొంచెం అద్దుకుంటాను.

స్కిన్_ఓపీ_సంధ్య · ఫిబ్రవరి 7

మందులో తప్పేం లేదు. జిడ్డు తలమీద మందు షాంపూ వేస్తే అదంతా నూనెని వదిలించడానికే సరిపోతుంది. ముందు ఏదో ఒక మామూలు షాంపూతో ఒకసారి కడగండి. రెండోసారి మందు షాంపూ. జుట్టుకి కాదు, పాయలు తీసి మాడుకి తగలాలి. తర్వాత 5 నిమిషాలు అలాగే ఉంచాలి. ఒక్క నిమిషంలో కడిగేస్తే డబ్బులు మోరీలోకి పోసినట్టే. ఆ పొద్దుటి నూనె కూడా నూనేనండీ.

మెకానిక్_అన్న · ఫిబ్రవరి 7

క్యూ ఉంటే ఏమైంది, నురగతోనే బయటికొచ్చి వాష్‌బేసిన్ కాడ పండ్లు తోముకో. అయిదు నిమిషాలు అక్కడే అయిపోతయి.

నల్లనిజుట్టు_కావాలి · ఫిబ్రవరి 9

ఈ కీటోకోనజోల్ వాడితే ఊడిన జుట్టు మళ్లీ వస్తుందంటున్నారు, నిజమేనా? నాకు ముందు బట్టతల మొదలైంది. చుండ్రు అయితే లేదు.

స్కిన్_ఓపీ_సంధ్య · ఫిబ్రవరి 9

దురదకి గోకి గోకి ఊడిన జుట్టు, దురద తగ్గాక తిరిగి రావచ్చు. బట్టతలకి దీన్ని నమ్ముకుని కూర్చోవద్దు. వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ రాస్తాను.

అశోక్‌నగర్_రూమ్4 · మార్చి 10

అప్‌డేట్. మెకానిక్ అన్న ఐడియా బాగా పనిచేసింది. నెత్తి మీద నురగతో పళ్లు తోముతుంటే హాస్టల్లో అందరూ నవ్వుతారు, అయినా సరే. సరైన పద్ధతిలో నాలుగు వారాలు అయింది. దురద పది రోజుల్లో తగ్గింది. చెవి వెనక పగులు మానింది, బడ్‌కి పసుపు పొట్టు రావట్లేదు. మీసం కింద శుభ్రంగా ఉంది. ముఖం మీద పొట్టు పోయింది గానీ తెల్లదనం ఇంకా ఉంది, ముక్కు కుడిపక్కన ఎక్కువ. క్రీమ్ ఇంకో నెల రాయాలా? రూమ్‌మేట్‌కి ఆ 1 శాతం షాంపూతోనే పోయింది, వాడు నన్ను వెక్కిరిస్తున్నాడు.

స్కిన్_ఓపీ_సంధ్య · మార్చి 10

పొట్టు, దురద పోయాయంటే మంట ఆరినట్టు. రంగు తిరిగి రావడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, క్రీమ్ ఎక్కువ రాస్తే తొందరగా రాదు. క్రీమ్ ఆపాలా వద్దా అన్నది మీ డాక్టర్ చూసి చెప్పాలి. షాంపూ మాత్రం పూర్తిగా ఆపకండి, వారానికి ఒకటి. ఇది అదుపులో ఉండే జబ్బేగానీ వేళ్లతో సహా పోయేది కాదు. పరీక్షల ముందు నిద్ర తగ్గినప్పుడు తిరగబెడితే మళ్లీ రెండుకి పెంచండి.

బోరింగ్_బాధితుడు · మార్చి 11

మేడమ్, ఒకే షాంపూ ఎక్కువకాలం వాడితే తల అలవాటుపడి పనిచేయదంటారు. రెండు మందులు మార్చి మార్చి వాడాలా?

స్కిన్_ఓపీ_సంధ్య · మార్చి 11

దీని మీద మా డాక్టర్లలోనే రెండు మాటలున్నాయి. పనిచేస్తున్నంతకాలం నేను మార్చను. పనిచేయడం మానేస్తే సెలీనియం సల్ఫైడ్‌కో, సైక్లోపిరాక్స్‌కో మారుస్తాను. ఎక్కువసార్లు తీరా అడిగితే వాడటమే తగ్గించి ఉంటారు.

పెద్దాడ_తాతయ్య · మార్చి 12

అమ్మా సంధ్యా, ఇన్నాళ్లూ చదువుతూనే ఉన్నాను. నా కనుబొమల్లో పదేళ్లుగా పొట్టు రాలుతోంది, పేపరు చదువుతుంటే అద్దాల మీద పడుతుంది. వయసువల్ల అనుకున్నాను. చెవి వెనక మా ఆవిడ చేత చూపించాను, అక్కడా ఉందంది. నాకూ ఆ షాంపూ పనికొస్తుందా? జుట్టుకి రంగు వేస్తాను, అది పోదు కదా?

స్కిన్_ఓపీ_సంధ్య · మార్చి 12

పనికొస్తుంది తాతగారూ, ముందు ఒకసారి డాక్టర్‌కి చూపించుకుని మొదలుపెట్టండి. రంగు వేసిన జుట్టుకి సెలీనియం సల్ఫైడ్ వద్దు, రంగు మారుతుంది. కీటోకోనజోల్‌తో కూడా కొందరికి రంగు కొంచెం తేడా వస్తుంది, అందుకని మొదటిసారి వెనకవైపు ఒక పాయకి వేసి చూసుకోండి. రంగు వేసిన తర్వాత రెండు మూడు రోజులు తల బాగా దురదపెడుతుందా? అలా అయితే ఆ రంగు కూడా పడకపోవచ్చు, ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి.

పెద్దాడ_తాతయ్య · మార్చి 12

దురద ఉంటుంది, అదీ చెప్తాను. ఆదివారం నుంచి మొదలుపెడతాను. నూనె సంగతి మాత్రం తర్వాత మాట్లాడుకుందాం.